స్కూలు వెనక గుట్ట బీటలిచ్చింది, కలెక్టరు గారికి ఏమని రాయాలి?

ప్రశ్న: సార్, నేను చిత్తూరు జిల్లాలో గుట్ట కింద ఉన్న ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచరుని. ఇద్దరు టీచర్ల బడి, 46 మంది పిల్లలు. మూడు గదుల్లో రెండు గుట్ట వైపే ఉన్నాయి. మూడేళ్ల కింద గుట్ట పాదం దగ్గర జేసీబీతో గరుసు తవ్వి రోడ్డుకు తోలారు. తవ్వించింది మా హెచ్‌ఎం గారి దగ్గరి బంధువు. పోయిన నెల వానల తర్వాత మేకలు కాసే తాత ఒకాయన వచ్చి, "పైన నేల నోరు తెరిచింది మేడం, పిల్లోళ్లను రేక్కాయలకని పైకి పోనీయొద్దు" అన్నాడు. వెళ్లి చూశాను. గుట్ట సగం ఎత్తులో అడ్డంగా, విల్లులా వంగిన చీలిక. ఇరవై అంగలు వేసినా అయిపోలేదు. నా రెండు వేళ్లు అందులో పడుతున్నాయి. జియాలజిస్టును పంపమని జిల్లా ఆఫీసుకు రాద్దామంటే హెచ్‌ఎం గారు, "ఎండలకు నేల నెర్రెలివ్వడం మామూలే, మీరు రాస్తే స్కూలు మూసి పక్క ఊరి బళ్లో కలిపేస్తారు, నన్ను దాటి రాస్తే రూల్సు కూడా ఒప్పుకోవు" అంటున్నారు. కొందరు తల్లిదండ్రులదీ అదే మాట. రాత్రి వాన పడితే నాకు నిద్ర ఉండటం లేదు. ఎవరికి రాయాలి, ఏమని రాయాలి, అసలు నేను రాయొచ్చా?

సమాధానం:

టీచర్ గారూ, ముందు నెర్రె సంగతి తేల్చుకుందాం, మీ హెచ్‌ఎం గారి వాదనంతా దాని మీదే నిలబడి ఉంది కాబట్టి. ఎండకు ఇచ్చే నెర్రె ఎట్లా ఉంటుందో మీ పిల్లలే చెప్తారు. ఎండిన చెరువు అడుగున చూసే ఉంటారు, పలకలు పలకలుగా, అన్ని దిక్కులకూ తిరిగి ఉంటుంది. వాన పడగానే మట్టి ఉబ్బి మూసుకుపోతుంది. పైగా అట్లా పగిలేది బంకమట్టి, నల్లరేగడి. గరుసులో బంక తక్కువ, అది అంతగా ఉబ్బదు, అంతగా ముడుచుకోదు. మీరు చెప్పింది వాన తర్వాత బయటపడిన ఒకే ఒక గీత, వాలుకు అడ్డంగా, వంపు తిరిగి ఉంది. రెండు కొసలూ కిందివైపుకు వంగి ఉంటే అది జారబోయే మట్టికి పైఅంచు గీసే గీత. మేకల తాత మాటను తేలిగ్గా తీసుకోకండి, ఆయన ఆ గుట్టను రోజూ చూసే మనిషి.

అయినా ఇంత దూరం నుంచి నేను ఖాయంగా చెప్పలేను, ఒక అనుమానం మిగిలి ఉంది. మన వైపు గుట్టల మీద ఉపాధి హామీ పనుల్లో వాలుకు అడ్డంగా కందకాలు తవ్వారు. పాత కందకం పూడిపోయి, అందులోని వదులు మట్టి వానకు కుంగితే, అచ్చం ఇట్లాగే అడ్డంగా చీలిక కనపడుతుంది. అది ప్రమాదం కాదు. అందుకని ఫీల్డ్ అసిస్టెంటునో, అప్పట్లో పనికి వెళ్లిన వాళ్లనో అడగండి, అక్కడ కందకం తీశారా అని. తీయలేదంటే ఆ అనుమానం పోయినట్టే. ఇంకో పరీక్ష మీ చేతిలోనే ఉంది. చీలికకు అడ్డంగా ఒక తిన్నని కట్టె పెట్టి చూడండి, పైవైపు నేలకూ కిందివైపు నేలకూ మధ్య, వాలు ఎట్లాగూ తెచ్చే తేడా కాక, మెట్టులాంటి దిగుడు ఏమైనా ఉందా అని. మెట్టు ఉంటే, కందకం మాట కూడా లేకపోతే, కింది ముక్క బయలుదేరిందనే అనుకోవాలి. ఇదంతా వాన లేని రోజు, పొద్దున పూట, పైవైపు నిలబడి చేయండి. చీలిక కిందివైపు నేల మీదికి మీరు వెళ్లొద్దు. మనిషి తోడు లేకుండా అసలు వెళ్లొద్దు.

ఆ గుట్టలో జరుగుతున్నది ఏమిటో కొంచెం చెప్తాను, ఇది తెలిస్తే ఉత్తరంలో ఏం రాయాలో మీకే తోస్తుంది. చిత్తూరు జిల్లాలో చాలా గుట్టలు గ్రానైటు రాయివి. పైన ఆ రాయి లక్షల ఏళ్లుగా కుళ్లి గరుసు అవుతుంది, కింద గట్టి బండ ఉంటుంది. ఆ గరుసు బండ మీద వాలుగా కూర్చుని ఉంటుంది, దాన్ని కింద నుంచి ఆపేది పాదం దగ్గరి మట్టే. జేసీబీ తీసింది సరిగ్గా ఆ అడ్డును. మరి మూడేళ్లు ఎందుకు ఆగింది అంటే, పొడిగా ఉన్నంత కాలం గరుసు తన బిగువుతో నిలబడుతుంది. నీళ్లు లోపలికి దిగాక ఆ బిగువు పోతుంది. చీలిక తెరుచుకున్నాక ఇంకో సంగతి తోడవుతుంది. వాననీళ్లు చీలికలో నిలిచి పక్కకు తోస్తాయి. ఒక మీటరు లోతు నీళ్లు నిలిస్తే చీలిక పొడవులో ప్రతి మీటరు మీదా దాదాపు అర టన్ను తోపు. రెండు మీటర్ల లోతు నిలిస్తే అది రెండింతలు కాదు, నాలుగింతలు, అంటే రెండు టన్నులు. మీరు వేసిన ఇరవై అంగలను పదిహేను మీటర్లు అనుకుంటే ముప్పై టన్నులు. లారీ నిండా ఇసుకను ఆ మట్టి వెనక పెట్టి కిందికి నెట్టినట్టు. అందుకే జియాలజిస్టు వచ్చినా రాకపోయినా ఆ చీలికలోకి నీళ్లు దిగకుండా చూడటం మొదటి పని, దాని సంగతి చివర్లో చెప్తాను.

ఇప్పుడు ఉత్తరం. నేను భూగర్భ జలాల వైపు జియాలజిస్టుగా పనిచేసి రిటైరైన వాణ్ణి, ఇట్లాంటి ఉత్తరాలు నా టేబుల్ మీదికి వచ్చాయి. ఒకటి ఇప్పటికీ గుర్తుంది. తెల్ల కాగితం మీద నాలుగు లైన్లు, "మా ఊరి కొండ పగిలినది, ప్రజలు భయాందోళనలో ఉన్నారు, తగు చర్య తీసుకోగలరు". ఊరి పేరు ఉంది, కొండ ఏదో లేదు. పగిలింది బండా, మట్టా లేదు. కింద ఎవరున్నారో లేదు. ఆ కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు "తగు చర్య నిమిత్తం" అని ముద్రలు వేయించుకుంటూ ఏడు వారాలు తిరిగి, చివరికి సంబంధం లేని నా దగ్గరికి చేరింది. ఎవరూ కావాలని ఆపలేదు. చదివిన ప్రతి మనిషికీ ఇది తన పనేనా అన్నది అర్థం కాలేదు, అంతే.

అంటే, ఎవరికి రాయాలన్నది ముందు తేలాలి. "జియాలజిస్టు" అనగానే అందరికీ గనుల శాఖ గుర్తొస్తుంది. వాళ్ల దగ్గర జియాలజీ చదివినవాళ్లు ఉంటారు, కానీ వాళ్ల రోజువారీ పని లీజులు, క్వారీలు, తవ్విన రాయికి సీనరేజి రుసుము. ఒట్టి గనుల శాఖకు రాస్తే "సదరు ప్రదేశంలో లీజు ఏదీ లేదు" అని జవాబు వచ్చి ఫైలు మూసుకుపోవచ్చు. భూగర్భ జలశాఖలోనూ జియాలజిస్టులు ఉంటారు, వాళ్లది బోర్ల పని. కొండచరియల సంగతి చూసేది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. కేంద్ర ప్రభుత్వం 2004లో ఆ బాధ్యత వాళ్లకు ఇచ్చింది, దక్షిణాది కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలో ఉంది. కానీ ఒక టీచరు రాసిన ఉత్తరానికి వాళ్లు నేరుగా కదలడం అరుదు, జిల్లా యంత్రాంగం అడిగితే కదులుతారు. ఈ ముగ్గురిలో ఎవరిని పిలవాలో నిర్ణయించి పిలిపించగల మనిషి జిల్లాలో ఒక్కరే, కలెక్టరు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు చైర్మన్ ఆయనే, నిపుణులను పిలిపించి సలహా తీసుకునే అధికారం ఆ చట్టంలో 34వ సెక్షన్ కింద ఆ సంస్థకు ఉంది. కాబట్టి పై చిరునామా కలెక్టరుది, ఆ హోదాలో. కాపీలు తహసీల్దారుకు, ఎంఈఓకు, డీఈఓకు, గనుల శాఖ జిల్లా ఆఫీసుకు.

రెండో సంగతి, ఉత్తరంలో రెండు వేరు వేరు అడగడాలు ఉండాలి. ఒకటి, జియాలజిస్టు తనిఖీ. రెండు, తనిఖీ అయ్యేదాకా గుట్ట వైపు రెండు గదులు వాడకుండా ఉండటానికి అనుమతి. ఒక్క తనిఖీనే అడిగితే అది జరిగేదాకా పిల్లలు అదే గదుల్లో కూర్చుంటారు, అది రెండు వారాలు కావచ్చు, రెండు నెలలు కావచ్చు. రెండోది ఎంఈఓ స్థాయిలోనే త్వరగా అయిపోగల పని. హెచ్‌ఎం గారి భయానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. మీరు "స్కూలు ప్రమాదంలో ఉంది" అని రాస్తే చదివినవాళ్ల మనసులో మొత్తం స్కూలు పడుతుంది. "వెనక రెండు గదులు తాత్కాలికంగా ఖాళీ చేసి, ముందు గదిలో, వరండాలో, ఊళ్లో కమ్యూనిటీ హాల్లో క్లాసులు నడుపుతాం" అని రాస్తే మాట అంతవరకే ఉంటుంది. విలీనం జరగదని నేను మాట ఇవ్వలేను. కానీ నడపడానికి దారి చూపిస్తూ రాసిన ఉత్తరానికీ, ఒట్టి భయం రాసిన ఉత్తరానికీ ఆఫీసులో చాలా తేడా ఉంటుంది.

మూడోది, కొలతలు. ఇది మీరు చేయగలరు, ఒక మేస్త్రీ సాయం ఉంటే చాలు. రెండడుగుల ఇనుప కడ్డీలు రెండు తీసుకుని, చీలికకు పైన ఒకటి, కింద ఒకటి, చీలిక నుంచి మీటరు మీటరు దూరంలో అడుగున్నర లోతుకు దిగ్గొట్టించండి. కిందిది కొట్టేటప్పుడు మేస్త్రీ నడుముకు తాడు కట్టి పైన చెట్టుకు ముడి వేయాలి, పని రెండు నిమిషాల్లో ముగించి పైకి వచ్చేయాలి. కిందికి వెళ్లడం కుదరదనిపిస్తే ఆ పని వదిలేయండి, ఫోటోలతోనే సరిపెట్టుకుందాం. రెండు కడ్డీల తలల మీద రంపంతో గాటు పెట్టిస్తే, గాటు నుంచి గాటుకు ప్రతిసారీ ఒకే చోట కొలవొచ్చు. గుడ్డ టేపు సాగుతుంది, స్టీలు టేపు వాడండి, టేపు కొసను పొడుగాటి కర్రకు కట్టి అందిస్తే మళ్లీ కిందికి దిగే పని ఉండదు. వారానికి ఒకసారి, పెద్ద వాన పడిన మర్నాడు ఒకసారి చాలు. ప్రతిసారీ అదే మనిషి, అదే టేపు.

ఆ అంకెలను ఎట్లా చదవాలో ఒక ఉదాహరణ చెప్తాను. మొదటి రోజు 200.0 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. వారం తర్వాత 200.1. అది కదలిక కాదు, మన చేతి తప్పు కూడా అంత ఉంటుంది. రెండో వారం ఒక మోస్తరు వాన తర్వాత 200.6. ఇది నిజమైన కదలిక. మూడో వారం వాన లేదు, అయినా 201.4. ఇక్కడ ఆగి చూడాలి. ఐదు మిల్లీమీటర్లు కదిలింది, తర్వాత వాన లేకుండానే ఎనిమిది కదిలింది. చీలిక ఎంత వెడల్పుగా ఉందన్న దానికన్నా ప్రతి వారం ముందు వారంకన్నా ఎక్కువ కదులుతోందా అన్నదే ముఖ్యం. రెండు చేతులు పట్టే వెడల్పుతో పదేళ్లు కదలకుండా ఉన్న చీలికలు ఉంటాయి, వేలు పట్టనిది వారంలో జారిపోవడమూ ఉంటుంది. కదలిక వేగం పెరుగుతోందంటే ఇక జియాలజిస్టు కోసం చూడొద్దు, గదులు ఖాళీ చేసేసి, 112కి, తహసీల్దారుకు ఫోన్ చేయండి. దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. నాలుగు వారాలు అంకె కదలకపోతే గుట్ట బాగుందని అర్థం కాదు, అసలు వాన ఇంకా రాలేదని అర్థం. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా.

ఇంకొక్క కొలత కావాలి, మీ బళ్లోనే ఉన్న సామానుతో. బోర్డు మీద గీయడానికి వాడే పెద్ద చెక్క కోణమాని తీసుకుని, మధ్య చిల్లుకు దారం కట్టి, దారం కొసకు ఒక చిన్న రాయి వేలాడదీయండి. గుట్ట వైపు గది వెనక గోడ దగ్గర నిలబడి, కోణమాని తిన్నని అంచు వెంట ఒక కన్నుతో పైన చీలికను చూడండి, పక్కన ఒక పిల్లవాడు దారం ఏ గీత మీద ఉందో చదవాలి. ఆ గీతకూ 90కీ మధ్య తేడాయే చీలిక మీకు ఎంత పైకి కనపడుతోందో చెప్పే కోణం. అది 30 డిగ్రీలు దాటితే, మట్టి జారిన రోజున ఆ గోడ దాకా రాగలదనే అనుకోవాలి. 20కీ 30కీ మధ్య ఉంటే సందేహమే, నీళ్లు కలిసి బురదగా పారితే రావచ్చు. 20 లోపు ఉంటే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు, కానీ పైన విడి గుండ్లు ఉంటే వాటికి ఈ లెక్క వర్తించదు, అవి దొర్లుకుంటూ ఇంకా దూరం వస్తాయి. ఇది మోటు లెక్కే. అయినా ఉత్తరంలో "వెనక గోడ నుంచి చీలిక 32 డిగ్రీల కోణంలో కనపడుతోంది" అన్న ఒక్క వాక్యం చూస్తే ఏ జియాలజిస్టు అయినా కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

ఇవన్నీ పెట్టి ఉత్తరం ఇట్లా ఉండొచ్చు. అంకెలు నేను ఊహించి వేసినవి, మీవి మీరు వేసుకోండి. కడ్డీల అంకెలకు వారాలు పడతాయి, వాటి కోసం ఉత్తరం ఆపొద్దు, తర్వాత పంపొచ్చు.

"జిల్లా కలెక్టరు మరియు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ చైర్మన్ గారికి. విషయం: ప్రాథమిక పాఠశాల వెనక గుట్టపై ఏర్పడిన చీలికను జియాలజిస్టుచే తనిఖీ చేయించుట, అంతవరకు రెండు తరగతి గదుల వాడకం నిలుపుటకు అనుమతి కోరుట గురించి. అయ్యా, మా పాఠశాల వెనక గల గుట్ట వాలుపై, నేల నుండి సుమారు 15 మీటర్ల ఎత్తులో, వాలుకు అడ్డంగా 16 మీటర్ల పొడవున చీలిక ఏర్పడినది. చీలిక గరుసు నేలలో ఉన్నది, బండలో కాదు. వెడల్పు 4 సెంటీమీటర్లు, కిందివైపు నేల 3 సెంటీమీటర్లు దిగినది. గత నెల వానల తర్వాత మొదటిసారి గమనించడమైనది. మేము నాటిన కడ్డీల మధ్య దూరం మూడు వారాల్లో 14 మిల్లీమీటర్లు పెరిగినది. గుట్ట పాదం సుమారు మూడేళ్ల క్రితం 3 మీటర్ల ఎత్తున నిలువుగా తవ్వబడి ఉన్నది. పాదం నుండి తరగతి గది వెనక గోడకు దూరం 9 మీటర్లు. ఆ రెండు గదులలో 31 మంది పిల్లలు కూర్చుంటారు. పాదం వద్ద ఊట ఇంతవరకు కనపడలేదు. ఈశాన్య రుతుపవన వానలు మొదలు కాకముందే తనిఖీ చేయించవలసిందిగా, తనిఖీ నివేదిక వచ్చేవరకు సదరు రెండు గదులు వాడకుండా ముందు గదిలోను, కమ్యూనిటీ హాలులోను తరగతులు నడుపుకొనుటకు అనుమతించవలసిందిగా కోరుచున్నాను. జతపరచినవి: ఫోటోలు 4, చేతితో గీసిన పటం, కొలతల పట్టిక."

ఇందులో "బండలో కాదు, గరుసులో" అన్న మాట చిన్నదిగా కనపడుతుంది గానీ చాలా పని చేస్తుంది. తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద 2021 డిసెంబరు 1న పెద్ద పెద్ద బండలు విరిగిపడి రోడ్డు దెబ్బతిన్నది మీకు గుర్తుండే ఉంటుంది, ఆ నవంబరు వానలన్నీ అయిపోయాక. అక్కడిది క్వార్ట్‌జైటు, పొరలు పొరలుగా, నిలువు పగుళ్లతో ఉండే గట్టి రాయి. అట్లాంటి చోట పగుళ్లు ఏ దిక్కుకు వాలి ఉన్నాయన్నదే ప్రశ్న, రాళ్లను మేకులతో బిగించడం, వలలు వేయడం మందు. మీది మట్టి వాలు. ఇక్కడ నీళ్లను తప్పించడం, పాదానికి మళ్లీ బరువు పెట్టడం మందు. వచ్చే మనిషి ఏ చూపుతో రావాలో ఆ ఒక్క మాట చెప్తుంది. ఫోటోల్లో చీలిక పక్కన స్కేలు పెట్టి తీయండి, ఒక ఫోటో మాత్రం దూరం నుంచి, స్కూలూ గుట్టా చీలికా మూడూ పడేలా.

తవ్వింది ఎవరో రాయలేదు, గమనించారా. నేను దాచమనడం లేదు. జియాలజిస్టుకు కావలసింది ఎంత ఎత్తున తవ్వారు, ఎప్పుడు తవ్వారు అన్నదే. పేరు రాస్తే ఉత్తరం ఫిర్యాదు అవుతుంది. ఫిర్యాదు అయితే అక్రమ గరుసు తవ్వకం మీద విచారణగా మారి, స్టేట్‌మెంట్లు, నోటీసులు అంటూ వేరే దారి పడుతుంది, గుట్ట పక్కకు పోతుంది. విచారణ అధికారి నేరుగా అడిగితే తెలిసింది చెప్పండి. తవ్వకం మీద చర్య కావాలని ఊళ్లో ఎవరైనా అనుకుంటే వాళ్లు వేరే కాగితం పెట్టుకోవచ్చు. ఈ రెండూ ఒక కవరులో పెట్టొద్దు.

ఇక మీరు రాయొచ్చా అన్నది. మీకు మూడు దార్లు ఉన్నాయి, మూడింటికీ ఖర్చు ఉంది.

పద్ధతి ప్రకారం హెచ్‌ఎం ద్వారా, ఎంఈఓ ద్వారా పంపి, అడ్వాన్స్ కాపీ నేరుగా కలెక్టరు ఆఫీసుకు పంపడం ఒకటి. ఉద్యోగులు ఎప్పటి నుంచో వాడే పద్ధతే ఇది, హెచ్‌ఎం గారిని పక్కన పెట్టినట్టు కాదు. పత్రికకు ఎక్కితే కాండక్ట్ రూల్సు అడ్డం వస్తాయి, పిల్లల ప్రాణానికి ప్రమాదం ఉందని పై అధికారికి తెలపడానికి కాదు. హెచ్‌ఎం గారు ఫార్వర్డ్ చేయకపోయినా మీరు ఆయనకు ఇచ్చినట్టు తేదీతో సంతకం ఉంటే చాలు, సంతకం పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపండి. దీని ఖర్చు ఏమిటంటే మీ పేరు ఒక్కటే ముందు ఉంటుంది, ఇద్దరే టీచర్లున్న బళ్లో రోజూ ఎదురుపడాల్సిన మనిషితో ముఖం చెల్లని పరిస్థితి వస్తుంది.

రెండోది, పేరెంట్స్ కమిటీ తీర్మానం. విద్యా హక్కు చట్టం ప్రకారం స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉంటారు, వాళ్లు తీర్మానం చేసి పంపితే అది ఊరి మాట అవుతుంది. మీరు ఒప్పించాల్సింది తల్లిదండ్రులను. మాటలతో ఒప్పుకోరు, మేకల తాతను మాట్లాడమనండి, కడ్డీల పుస్తకం చూపించండి. ఇందులో టైము పోతుంది, పైగా తవ్వించిన వాళ్ల మనుషులు కమిటీలో ఉంటే తీర్మానం ఆగిపోవచ్చు. ఆగిపోయిందంటే "కమిటీయే వద్దంది" అన్న మాట మీ మీదికి తిరుగుతుంది. కాబట్టి కొందరితో విడిగా మాట్లాడకుండా కమిటీకి పోవద్దు.

మూడోది, ఎవరైనా ఒక తల్లో తండ్రో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వడం. నంబరు వస్తుంది, అర్జీ తహసీల్దారుకు వస్తుంది, ఆయన వచ్చి చూస్తాడు. త్వరగా కదిలే దారి ఇది. కానీ తహసీల్దారు జియాలజిస్టు కాడు, వచ్చి చూసి "ప్రస్తుతం ప్రమాదం కనపడలేదు" అని రాసి అర్జీ మూసేసే అవకాశం ఉంది. అందుకే అర్జీలో "జియాలజిస్టు తనిఖీ" అన్న మాట, మీ కొలతల పట్టిక తప్పనిసరిగా ఉండాలి. అట్లా మూసేస్తే అదే తల్లి, తండ్రి సమాచార హక్కు కింద తనిఖీ నివేదిక కాపీ అడగొచ్చు. మామూలుగా 30 రోజుల గడువు, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు.

నన్ను అడిగితే మొదటిదీ మూడోదీ ఒకే వారంలో చేస్తాను. కానీ హెచ్‌ఎం గారితో ఇంకోసారి కూర్చున్నాకే. ఆయన మూర్ఖుడేమీ కాకపోవచ్చు, బంధువు ఇరుక్కుంటాడని, బడి పోతుందని రెండు భయాలు ఆయనకు. పై ఉత్తరం ముసాయిదా చూపించండి, అందులో బంధువు పేరు లేదు, బడి మూయమని లేదు. ఆయనే సంతకం పెట్టి పంపితే మీకన్నా ఎక్కువ బరువు ఉంటుంది, ఆ అవకాశం ఆయనకు ఇవ్వండి. ఒక మూడు రోజులు ఆగొచ్చు. వారం ఆగొద్దు.

ఈలోపు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంటులో ఎవరినైనా అడిగి చూడొచ్చు. తెలిసినవాళ్లు సెలవు రోజున వచ్చి చూస్తే అర పేజీ అభిప్రాయం దొరుకుతుంది, దాన్ని ఉత్తరానికి జత చేయొచ్చు. అది ప్రభుత్వ నివేదిక అయిపోదు, కానీ తహసీల్దారు తేలిగ్గా పక్కన పెట్టలేడు.

జియాలజిస్టు వచ్చిన రోజు ఏం ఆశించాలో కూడా చెప్పాలి, లేకపోతే మీరు నిరాశపడతారు. ఆయన రెండు మూడు గంటలు గుట్టెక్కి దిగుతాడు. వాలు ఎంత, గరుసు ఎంత మందం, కింద బండ ఎక్కడ తగులుతుంది, చీలిక రెండు కొసలూ ఎంత దాకా పోయాయి, పాదం దగ్గర మట్టి ఉబ్బిందా, ఊట ఉందా, చెట్లు వాలాయా అని చూస్తాడు. ఏ రోజు జారుతుందో ఆయన చెప్పలేడు, ఎవరూ చెప్పలేరు. ఒక్కసారి చూసి రాసేది ప్రాథమిక నివేదికే. ఎంత గోడ కట్టాలి, ఎక్కడ కట్టాలి అన్నది మట్టి పరీక్షలు చేసి ఇంజినీర్లు తేల్చాలి. మీరు ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు రాతలో ఉండేలా చూసుకోండి: ఈ వానాకాలం ఆ రెండు గదులు వాడొచ్చా, వాడకూడదా? "మా మండలం కొండచరియల పటంలో లేదు" అని ఎవరైనా అంటే కంగారు పడకండి. దేశమంతటికీ వేసే ఆ పటాలు 1:50,000 స్కేలువి, పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. మీ గుట్ట వాలు అందులో మిల్లీమీటరు కూడా ఉండదు.

ఇక ఆ నీళ్ల సంగతి. ఫోటోలు, మొదటి కొలతలు అయిపోయాక, చీలికలో బంకమట్టి నింపి, పైవైపు నుంచే కర్రతో దిమ్మిస కొట్టించండి, కొంచెం గుబ్బగా ఉంచితే నీళ్లు నిలవవు. సిమెంటు పోయొద్దు, కదలిక ఉంటే అది విరిగి మళ్లీ సందు ఇస్తుంది. దానికి నాలుగైదు మీటర్లు పైన ఒక జానెడు లోతు కాలువ తీసి, పైనుంచి వచ్చే వాననీళ్లను పక్క వంకలోకి మళ్లించండి, కాలువలో నీళ్లు నిలవకుండా వాలు ఉండాలి. పాదం దగ్గర మాత్రం ఎవరినీ పలుగు వేయనీయొద్దు, "గోడ కడదాం, పునాది తీద్దాం" అని మంచి మనసుతో వచ్చినా సరే. నివేదిక లేకుండా అక్కడ తవ్వే ప్రతి అడుగూ మిగిలిన అడ్డును తీసేయడమే.

వాతావరణ శాఖ భారీ వర్షం అనేది 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే. ఆ హెచ్చరిక వచ్చిన రోజూ, వాన వెలిశాక ఇంకో రెండు రోజులూ వెనక గదుల్లో ఎవరూ ఉండకూడదు. వాన ఆగాక కూడా నీళ్లు లోపల దిగుతూనే ఉంటాయి, తిరుమలలో బండలు పడింది కూడా వానల జోరు తగ్గాకే. మధ్యాహ్న భోజనం వండే షెడ్డు గుట్ట వైపు ఉందా? మీ ఉత్తరంలో రాయలేదు. ఉంటే వంట చేసే ఆమెను కూడా ముందుకు మార్చండి, ఆమె పేరు ఏ లెక్కలోనూ రాదు గానీ పిల్లలకన్నా ముందు వచ్చి ఆ గోడ పక్కన కూర్చునేది ఆమే.